అందరికీ ఒకే స్లైడ్ టెంప్లేట్ పెట్టమని లెక్చరర్లకు లెటర్ ఎలా రాయాలి?

ప్రశ్న: "తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీలో బీఏ సెకండియర్‌కి క్లాస్ కోఆర్డినేటర్‌ని. మా క్లాసులో చూపు లేని అమ్మాయి ఒకరున్నారు. ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ పెట్టుకుని, తెర మీది అక్షరాలను అది చదివి వినిపిస్తుంటే చదువుకుంటుంది. లెక్చరర్లు పంపే పీపీటీలను నేనే వర్డ్ నోట్స్‌గా మార్చి ఇస్తున్నాను. ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి కావడంతో ప్రతి యూనిట్‌కీ తల ప్రాణం తోకకొస్తోంది. అందరూ ఒకే టెంప్లేట్ వాడితే బాగుంటుందని లెటర్ రాద్దామనుకుంటున్నా. వాళ్ళలో ఎక్కువమంది నాకంటే సీనియర్లు. ఎలా రాస్తే నొచ్చుకోకుండా ఉంటారు? అసలు టెంప్లేట్ వల్ల పని తగ్గుతుందా?"

తగ్గుతుందండీ, బాగా తగ్గుతుంది. కాకపోతే టెంప్లేట్ అనగానే మనవాళ్ళకు గుర్తొచ్చేది కాలేజీ లోగో, పైన ఒక రంగు పట్టీ, కింద డిపార్ట్‌మెంట్ పేరు. వాటివల్ల మీ పని ఒక్క నిమిషం కూడా తగ్గదు. మ్యాటర్ ఏ బాక్సులో టైప్ అయిందన్న దాని మీదే మీ శ్రమంతా ఆధారపడి ఉంది. అందుకని లెటర్‌లో మూడే మూడు అడగండి: టైటిల్‌ను టైటిల్ బాక్సులోనే టైప్ చేయడం, పాయింట్లను దాని కిందున్న కంటెంట్ బాక్సులోనే టైప్ చేయడం, తెలుగును యూనికోడ్ ఫాంట్‌లో టైప్ చేయడం. మిగతావన్నీ వాళ్ళ ఇష్టానికే వదిలేయండి.

నేను చిత్తూరులో డిగ్రీ క్లాసులకు ఎకనామిక్స్ చెబుతాను. చూపు లేని పిల్లలకు నోట్స్ తయారుచేసే పని చాలా ఏళ్ళుగా నా చేతిలోనే ఉంది. లెటర్ నమూనా కింద ఇస్తాను. దానికి ముందు ఈ మూడే ఎందుకో చెప్పాలి. ఎందుకంటే స్టాఫ్ రూమ్‌లో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, అప్పుడు మీరు నిలబడి చూపించగలగాలి.

పవర్‌పాయింట్‌లో కొత్త స్లైడ్ తీసుకుంటే Click to add title, Click to add text అని రెండు బాక్సులు కనిపిస్తాయి కదా. వాటిలో టైప్ చేసినదాన్ని ఇది శీర్షిక, ఇవి దాని కింది పాయింట్లు అని సాఫ్ట్‌వేర్ గుర్తుపెట్టుకుంటుంది. అలా కాకుండా ఆ రెండింటినీ డిలీట్ చేసి, Insert లోకి వెళ్ళి Text Box గీసుకుని అందులో టైప్ చేస్తే కంటికి ఏ తేడా ఉండదు. ఫైల్ మటుకు దాన్ని బొమ్మ పక్కన పడి ఉన్న అక్షరాలుగానే చూస్తుంది. వర్డ్ఆర్ట్ టైటిళ్ళదీ ఇదే కథ. పీపీటీని Outline/RTF గా సేవ్ చేసి వర్డ్‌లో తెరిచినప్పుడు మొదటి రకం బాక్సుల్లో ఉన్నది మాత్రమే వస్తుంది. గీసుకున్న టెక్స్ట్ బాక్సుల్లోది ఒక్క అక్షరం రాదు. మీరు రాత్రిళ్ళు కూర్చుని ఒక్కో బాక్సు నుంచీ కాపీ చేసి పేస్ట్ చేస్తున్నది ఇలా రాకుండా పోయినదాన్నే అయి ఉంటుంది.

దీన్ని కనిపెట్టడానికి ఫైలు మార్చి చూడక్కర్లేదు. View లో Outline View నొక్కండి. ఎడమ పక్కన స్లైడ్ నంబర్లూ, వాటి పక్కన టైటిళ్ళూ, కింద పాయింట్లూ వరసగా కనిపిస్తే ఆ ఫైలు సులువుగా మారుతుంది. నంబర్ ఉండి పక్కన ఖాళీగా ఉంటే ఆ స్లైడ్ మొత్తం చేత్తో ఎత్తి పెట్టుకోవాల్సిందే. ఎవరి పీపీటీ వచ్చినా నేను ముందు చేసే పని ఇదే.

ఒక స్లైడ్ తీసుకుని చూద్దాం. పర్యావరణ విద్య పేపర్లో శేషాచలం కొండల మీద పాఠం అనుకోండి. మన పిల్లలకు రోజూ కళ్ళెదుట ఉండే కొండలు కాబట్టి ఏ లెక్చరరైనా ఈ స్లైడ్‌ని ముచ్చటగా తయారుచేస్తారు. పైన వర్డ్ఆర్ట్‌లో 'శేషాచలం' అని పెద్ద అక్షరాలు. ఎడమ పక్కన ఎర్రచందనం మాను ఫోటో, దాని మీదే బాణం గుర్తుతో 'బెరడు' అని చిన్న టెక్స్ట్ బాక్సు. కుడి పక్కన ఇంకో టెక్స్ట్ బాక్సులో అను ఫాంట్‌లో నాలుగు పాయింట్లు: 2010లో బయోస్ఫియర్ రిజర్వ్‌గా ప్రకటించారు, శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం ఈ కొండల్లోనే ఉంది, ఎర్రచందనం సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే, బంగారు బల్లి ఇక్కడ కనిపిస్తుంది. క్లాసులో ప్రొజెక్టర్ మీద చూస్తే చాలా మంచి స్లైడ్.

ఇదే స్లైడ్‌ని RTF గా సేవ్ చేస్తే వచ్చేది ఒక ఖాళీ లైను. టైటిల్ వర్డ్ఆర్ట్ కాబట్టి రాలేదు, పాయింట్లు గీసిన బాక్సులో ఉన్నాయి కాబట్టి రాలేదు, ఫోటో ఎలాగూ రాదు. సరే అని పాయింట్లను చేత్తో కాపీ చేసి వర్డ్‌లో Nirmala UI ఫాంట్ పెడితే తెలుగు మాయమై ఇంగ్లిష్ అక్షరాలు, కామాలు, డాలర్ గుర్తుల లాంటివి కలగలిసి ప్రత్యక్షమవుతాయి. అను లాంటి పాత ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లోనే తెలుగు ముక్కల బొమ్మలు పెట్టుకున్నాయి. ఫాంట్ ఉన్నంతవరకూ తెలుగులా కనిపిస్తుంది, లోపల ఉన్నది తెలుగు కాదు. యూనికోడ్‌లో అయితే లోపల ఉన్నవీ తెలుగు అక్షరాలే. ఎన్‌వీడీఏకి ఫాంట్ కనిపించదు, లోపలున్న అక్షరాలనే చదువుతుంది. ఆ అమ్మాయి చెవిలో పడేది అర్థం పర్థం లేని అక్షరాల గోల.

ఇప్పుడు అదే మ్యాటర్‌ని టెంప్లేట్‌లో పెడదాం. Title and Content లేఅవుట్ తీసుకుని టైటిల్ బాక్సులో 'శేషాచలం కొండలు: జీవ వైవిధ్యం' అని టైప్ చేశారు. ఒట్టి 'శేషాచలం' కంటే ఇది మేలు, ఎందుకంటే తర్వాతి మూడు స్లైడ్లకూ అదే పేరు ఉంటే శీర్షికల లిస్టులో ఏది ఏదో తెలియదు. పాయింట్లు కంటెంట్ బాక్సులోకి వెళ్ళాయి, యూనికోడ్‌లో. ఫోటో మీద రైట్ క్లిక్ చేసి View Alt Text లో ఒక వాక్యం రాశారు: 'ఎర్రచందనం మాను, బెరడు నల్లటి గోధుమ రంగులో, లోతైన చీలికలతో చదరపు పలకలుగా విడివడి ఉంది.' దీన్ని సేవ్ చేస్తే వర్డ్‌లో శీర్షిక, దాని కింద నాలుగు పాయింట్లు ఉన్నవి ఉన్నట్టు వస్తాయి. ఫోటో, దాని వర్ణన మటుకు మీరే తెచ్చుకుని పెట్టుకోవాలి. అది ఒక్క కాపీ పేస్ట్ పని.

బాణం పెట్టి 'బెరడు' అని చూపించడం ఏం తప్పు కాదు. చూడగలిగే పిల్లలకు అది అవసరం. నోట్స్‌లోకి రావాల్సిన విషయం బాణం దగ్గర మాత్రమే ఉండకుండా పాయింట్లలోనో వర్ణనలోనో కూడా ఉంటే చాలు.

టెంప్లేట్ తయారీ

టెంప్లేట్ మీరే చేయండి, ఎవరికీ అప్పగించకండి. ఖాళీ ప్రెజెంటేషన్ తెరిచి View లో Slide Master లోకి వెళ్ళండి. అక్కడ ఎడమ పక్కన పదికి పైగా లేఅవుట్లు ఉంటాయి. నాలుగు ఉంచండి: Title Slide, Section Header, Title and Content, Two Content. మిగతావి తీసేయండి. ముఖ్యంగా Blank, Title Only ఈ రెండూ ఉండకూడదు. ఖాళీ స్లైడ్ చేతికి దొరికితే ఎవరైనా టెక్స్ట్ బాక్సే గీస్తారు, అది అలవాటు. ఖాళీ స్లైడ్ లిస్టులోనే లేకపోతే కంటెంట్ బాక్సే ముందుకొస్తుంది. ఎవరికీ ఏమీ చెప్పకుండానే సగం పని ఇక్కడే అయిపోతుంది. కంటెంట్ బాక్సులో పాయింట్లే కాకుండా బొమ్మ, పట్టిక కూడా పెట్టుకోవచ్చు కాబట్టి ఆ నాలుగూ మామూలు పాఠాలకు సరిపోతాయి.

అదే మాస్టర్‌లో టైటిల్ బాక్సు, కంటెంట్ బాక్సు సెలెక్ట్ చేసి ఫాంట్ Nirmala UI పెట్టండి. విండోస్ 8 నుంచి ప్రతి కంప్యూటర్లోనూ ఇది ఉంటుంది, తెలుగు, ఇంగ్లిష్ రెండూ ఉన్నాయి. పెట్టాక ఒక స్లైడ్ తీసుకుని ఒత్తులు ఎక్కువున్న పదాలు రెండు లైన్ల నిండా టైప్ చేసి చూడండి. 'రాష్ట్ర', 'శాస్త్రజ్ఞుడు' లాంటి మాటల్లో కింది ఒత్తులు తర్వాతి లైను గుడులకు తగులుతుంటే లైన్ స్పేసింగ్ 1.1 గానో 1.2 గానో పెంచండి. ఇంగ్లిష్ టెంప్లేట్లలో మన తెలుగు ఇరుకుగా కనిపించడానికి కారణం ఇదే. 'ఈ టెంప్లేట్‌లో తెలుగు బాగా కనపడట్లేదు' అని ఒక్కరన్నా చాలు, మిగతావాళ్ళు కూడా పక్కన పెట్టేస్తారు. అక్షరాల రంగు నలుపో ముదురు నీలమో, వెనక తెలుపు. ఎందుకో కింద చెబుతాను.

సేవ్ చేసేటప్పుడు మామూలు .pptx గా కాకుండా .potx గా సేవ్ చేయండి. దాన్ని డబుల్ క్లిక్ చేస్తే ప్రతిసారీ కొత్త ఫైలుగా తెరుచుకుంటుంది, అసలు టెంప్లేట్ మీదే ఎవరూ పాఠం టైప్ చేసేయరు.

లెటర్ పంపే ముందు

ముందు ఆ అమ్మాయితో కూర్చోండి. వర్డ్ ఫైలే కావాలా, శీర్షికలు ఎలా ఉంటే వెతుక్కోవడం సులువు, పట్టికలు ఎలా రాస్తే అర్థమవుతున్నాయి అని అడగండి. లెటర్‌లో తన ప్రస్తావన పెట్టొచ్చా అనీ అడగండి. ఒప్పుకున్నా పేరు రాయకండి. 'స్క్రీన్ రీడర్‌తో చదువుకునే విద్యార్థి' అంటే విషయం అందరికీ తెలుస్తుంది.

తర్వాత మీ డిపార్ట్‌మెంట్‌లో అందరికంటే సీనియర్ ఎవరో వాళ్ళ దగ్గరికి స్వయంగా వెళ్ళండి. లెటర్ చేతికి రాకముందే విషయం నోటిమాటగా తెలియాలి. మీ కంప్యూటర్లో Outline View తెరిచి రెండు నిమిషాలు చూపించి, 'సార్, మీరు ఒక యూనిట్‌కి ఇలా చేసి చూస్తారా' అని అడగండి. వారు సరేనంటే లెటర్‌లో 'సార్ గారు మొదటి యూనిట్ ఇస్తామన్నారు' అని ఒక లైను చేర్చొచ్చు. మన కాలేజీల్లో ఆ ఒక్క లైనుకు ఉండే బలం ఇంకే వాదనకూ ఉండదు.

ఎవరి స్లైడ్‌నీ తప్పుల నమూనాగా చూపించకండి. నాకు తెలిసిన ఒక కాలేజీలో కోఆర్డినేటర్ ఇలాంటి లెటర్‌కే ఒక పెద్దాయన స్లైడ్‌ని 'ఇలా ఉండకూడదు' అని జతచేశారు. పేరు తీసేశారు గానీ ఆ ఫోటోలూ ఆ రంగులూ ఎవరివో స్టాఫ్ అందరికీ తెలుసు. ఆయన నోరు విప్పి ఏమీ అనలేదు, టెంప్లేట్ వైపు మాత్రం చూడలేదు. ఆయన మీద గౌరవంతో మిగతావాళ్ళూ ముట్టుకోలేదు. ముందూ వెనకా తేడా చూపించాలంటే మీ సొంత పాఠం నుంచే ఒక స్లైడ్ తీసుకుని రెండు రకాలుగా చేసి పెట్టండి.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రస్తావన లెటర్‌లో పెట్టాలా అని కొందరు అడుగుతుంటారు. మొదటి లెటర్‌లో వద్దని నా అభిప్రాయం. చట్టం మీ పక్షానే ఉంది, అందులో అనుమానం లేదు. కానీ తోటి లెక్చరర్లకు రాసే ఉత్తరం చట్టంతో మొదలైతే అది నోటీసులా చదువుతారు. అవసరమైతే ప్రిన్సిపాల్ గారికి విడిగా రాసేదాంట్లో పెట్టుకోవచ్చు.

లెటర్ నమూనా

ఒక పేజీ దాటకుండా చూసుకోండి. నేనైతే ఇలా రాస్తాను:

> గౌరవనీయులైన అధ్యాపకులందరికీ నమస్కారం.
>
> విషయం: బీఏ సెకండియర్ పాఠాలకు ఉమ్మడి స్లైడ్ టెంప్లేట్ గురించి విన్నపం.
>
> మన క్లాసులో స్క్రీన్ రీడర్ సాయంతో చదువుకునే విద్యార్థి ఒకరున్నారు. మీరు పంపే పీపీటీలను నేను వర్డ్ నోట్స్‌గా మార్చి ఇస్తున్నాను. అవే నోట్స్‌ని ప్రింట్ తీసుకుని మిగతా విద్యార్థులూ వాడుకుంటున్నారు. స్లైడ్‌లో మ్యాటర్ టెక్స్ట్ బాక్సుల్లో ఉన్నప్పుడు అది నోట్స్‌లోకి రావడం లేదు. ప్రతి బాక్సునూ విడిగా ఎత్తి పెట్టాల్సి రావడంతో నోట్స్ క్లాసు కంటే బాగా వెనకబడుతున్నాయి. పాఠం అందరూ విన్న వారమే తనకూ నోట్స్ అందాలన్నది నా కోరిక.
>
> అందుకోసం ఒక టెంప్లేట్ తయారుచేసి ఈ లెటర్‌తో జతచేశాను. మీనుంచి కోరేవి మూడు:
>
> 1. స్లైడ్ శీర్షికను పైనున్న టైటిల్ బాక్సులో టైప్ చేయగలరు.
> 2. పాయింట్లను కిందనున్న కంటెంట్ బాక్సులో టైప్ చేయగలరు.
> 3. తెలుగును యూనికోడ్‌లో టైప్ చేయగలరు. అను ఫాంట్‌లో ఇప్పటికే టైప్ చేసి ఉంటే అలాగే పంపండి, నేను మార్చుకుంటాను.
>
> స్లైడ్లు ఎన్ని ఉండాలి, ఏ బొమ్మలు పెట్టాలి, పాఠం ఎలా నడపాలి అన్నవన్నీ ఎప్పటిలాగే మీ ఇష్టం. పాత పీపీటీలు మార్చనవసరం లేదు. రాబోయే ఒక్క యూనిట్‌కి ఇలా చేసి చూద్దాం. ఇబ్బందిగా అనిపిస్తే చెప్పండి, మార్చుకుందాం.
>
> నా పాఠంలోని ఒక స్లైడ్‌ని పాత పద్ధతిలోనూ కొత్త పద్ధతిలోనూ చేసి జతచేశాను. రెండింటి నుంచీ వచ్చిన నోట్స్ కూడా అందులోనే ఉన్నాయి. టెంప్లేట్ వాడటంలో ఏ సందేహం వచ్చినా లంచ్ టైమ్‌లో స్టాఫ్ రూమ్‌లో ఉంటాను, పిలిస్తే మీ కంప్యూటర్ దగ్గరికే వస్తాను.
>
> భవదీయ,
> క్లాస్ కోఆర్డినేటర్

ఇందులో 'పాత పీపీటీలు మార్చనవసరం లేదు' అన్న వాక్యాన్ని దయచేసి తీసేయకండి. లెటర్ చదవగానే సీనియర్లకు పట్టుకునే టెన్షన్ అదే. ఏళ్ళ తరబడి చేసిపెట్టుకున్న స్లైడ్లన్నీ మళ్ళీ చేయాలేమో అనుకుంటారు. ఒక్క యూనిట్ అనడం కూడా అందుకే. 'చేయగలరు' అని రాయడం కొంచెం ఆఫీసు భాషలా ఉన్నా మన స్టాఫ్‌లో అదే మర్యాదగా చెల్లుతుంది. 'చేయాలి' అని మాత్రం రాయకండి.

లెటర్‌ని వాట్సాప్ గ్రూపులో ఒక్కటే పడేసి ఊరుకోకండి. గ్రూపులో అందరూ నమస్కారం గుర్తు పెట్టేస్తారు, ఫైలు ఎవరూ తెరవరు. ప్రింట్ తీసి చేతికివ్వండి, ఫైలు మాత్రం గ్రూపులో పెట్టండి.

ఆ తర్వాత వచ్చే చిక్కులు

ఎక్కువగా వచ్చేది ఇది: పాత స్లైడ్లను కాపీ చేసి కొత్త టెంప్లేట్‌లో పేస్ట్ చేస్తారు. పేస్ట్ చేసేటప్పుడు Keep Source Formatting ఎంచుకుంటే పాత డిజైన్ మొత్తం వెంటబెట్టుకుని వస్తుంది. పేరుకే టెంప్లేట్, లోపల పాత స్లైడే. Slide Master తెరిచి చూస్తే ఎడమ పక్కన ఒకటికి బదులు రెండు మాస్టర్లు కనిపిస్తాయి, అలా పట్టుకోవచ్చు. Use Destination Theme అని పేస్ట్ చేయమనండి. అలా చేసినా గీసుకున్న టెక్స్ట్ బాక్సులు టెక్స్ట్ బాక్సులుగానే ఉంటాయి, Reset నొక్కినా మారవు. ఆ మ్యాటర్‌ని కట్ చేసి కంటెంట్ బాక్సులో Keep Text Only గా పేస్ట్ చేయాల్సిందే. ఈ సంగతి ముందే తెలిస్తే 'టెంప్లేట్‌లో పెట్టాం కదా, ఇంకా రాలేదంటారేం' అన్న మాట రాదు.

ఒక బాక్సు అసలుదా గీసుకున్నదా అని అనుమానమొస్తే అందులో మ్యాటర్ మొత్తం సెలెక్ట్ చేసి డిలీట్ చేసి చూడండి. Click to add text అని మళ్ళీ కనిపిస్తే అసలుది. ఆ తర్వాత Ctrl+Z నొక్కితే మ్యాటర్ తిరిగొస్తుంది.

రెండో చిక్కు మీ వైపు వచ్చేది. ముదురు రంగు వెనక తెల్లటి అక్షరాలు పెట్టిన స్లైడ్లను RTF గా సేవ్ చేస్తే, వర్డ్‌లో తెల్ల కాగితం మీద అవే తెల్లటి అక్షరాలు వస్తాయి. పేజీ ఖాళీగా ఉందనుకుని ఫైలే పాడైందని చాలామంది మూసేస్తారు. Ctrl+A కొట్టి ఫాంట్ రంగు Automatic పెట్టండి, అన్నీ బయటపడతాయి. టెంప్లేట్‌లో వెనక తెలుపు ఉంచమన్నది అందుకే. తర్వాత View లో Navigation Pane టిక్ పెట్టి స్లైడ్ టైటిళ్ళన్నీ అందులో కనిపిస్తున్నాయో లేదో చూడండి. కనిపించకపోతే వాటికి Heading 1 స్టైల్ పెట్టండి. ఎన్‌వీడీఏలో బ్రౌజ్ మోడ్ పెట్టుకుని H నొక్కుతూ పోతే ఆ అమ్మాయి ఒక్కో శీర్షిక మీద ఆగుతూ తనకు కావలసిన చోటికి వెళ్ళగలదు. పరీక్ష ముందు రోజు అంత నోట్స్‌లో ఒక్క టాపిక్ వెతుక్కోవడానికి తనకున్న సులువైన దారి అదే.

టెంప్లేట్ వల్ల తీరనివి కూడా ఉన్నాయి, వాటిని లెటర్‌లో దాచకపోయినా పెద్దగా రాయక్కర్లేదు. పట్టికలు, స్మార్ట్ఆర్ట్ బొమ్మల్లోని అక్షరాలు, ఫోటోగా అతికించిన పేజీలు Outline లోకి రావు. మా ఎకనామిక్స్‌లో డిమాండ్ పట్టిక, దాని గ్రాఫ్ లేకుండా పాఠమే లేదు. పట్టికను నేను పీపీటీ నుంచి వర్డ్‌లోకి పట్టికగానే కాపీ చేస్తాను, గడులు కలపకుండా, మొదటి వరసలో కాలమ్ పేర్లు ఉండేలా చూస్తాను. గ్రాఫ్‌కి మటుకు చెప్పిన లెక్చరరే రెండు వాక్యాలు రాయాలి: ఏ అక్షం మీద ఏముంది, గీత ఎటు నుంచి ఎటు దిగుతోంది, అది ఏం చెబుతోంది. హిస్టరీలో మ్యాప్‌కీ అంతే. ఆ వాక్యాలు మీరు రాయబోకండి. విజయనగర రాజుల కాలంలో చంద్రగిరి ప్రాధాన్యం మ్యాప్‌లో ఏ సంగతి చూపించి చెప్పారో చెప్పినవారికే తెలుస్తుంది. క్లాసు అయిన వెంటనే అడిగితే రెండు నిమిషాల్లో నోటితో చెప్పేస్తారు, మీరు ఫోన్‌లో రికార్డు చేసుకుని తర్వాత టైప్ చేసుకోవచ్చు. రాసివ్వమంటే వారాలు పడుతుంది.

కొందరు లెక్చరర్లు కాన్వాలో చేస్తారు. అక్కడ నుంచి పీపీటీగా దించుకుంటే మ్యాటర్ దాదాపు అంతా విడి విడి టెక్స్ట్ బాక్సుల్లోనే వస్తుంది, మన టెంప్లేట్ దాని మీద పని చేయదు. వాళ్ళను మానమనకండి, శ్రద్ధ పెట్టి చేసుకుంటున్నారు. క్లాసులో కాన్వా చూపించుకుని, మ్యాటర్‌ని మాత్రం మామూలుగా టైప్ చేసి పంపమని అడగండి. బస్సులో తిరుపతి నుంచి చిత్తూరు వచ్చేలోపు ఫోన్‌లోనే స్లైడ్లు చేసుకునే మా మేడమ్ ఒకరు ఇలాగే మ్యాటర్‌ని వాట్సాప్‌లో పంపేస్తారు. ఫోన్ కీబోర్డుతో టైప్ చేసినదంతా యూనికోడే కాబట్టి నాకు అది పీపీటీ కంటే సులువు.

అను ఫాంట్ ఫైళ్ళ గురించి ఒక్క మాట. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు దొరుకుతాయి, వాడుకోండి. మార్చాక వాక్యం వాక్యం చదివి చూడకుండా మాత్రం ఇవ్వకండి. ఒత్తులు, అంకెలు, మధ్యలో వచ్చే ఇంగ్లిష్ మాటలు ఈ మూడు చోట్ల తేడా వస్తుంది. స్లైడ్ మొత్తం అను అనుకుని మారిస్తే అందులో నిజంగానే ఇంగ్లిష్‌లో ఉన్న మాటలు తెలుగు చెత్తగా మారిపోతాయి. కాబట్టి తెలుగు భాగాన్ని మాత్రమే సెలెక్ట్ చేసి మార్చుకోండి.

మొదటి యూనిట్ నోట్స్ తయారయ్యాక ఆ ఫైలును లెక్చరర్లకు కూడా పంపండి. తమ పాఠం అచ్చు నోట్స్‌గా కనిపిస్తే రెండో యూనిట్‌కి మీరు అడగాల్సిన పని ఉండదు, చాలామంది తామే టెంప్లేట్‌లో పెట్టి పంపుతారు. మా దగ్గర అలాగే జరిగింది. అప్పటికీ టెక్స్ట్ బాక్సులు గీసేవారు ఒకరిద్దరు ఉంటారు, వారి ఫైళ్ళు మీరు చేత్తోనే మార్చుకోవాలి. మిగతావి తగ్గాయి కాబట్టి అంతవరకు చేయగలరు. లెటర్ రాశాక ఇక్కడ పెట్టండి, పంపేలోపు ఒకసారి చూసి చెబుతాను.